లాభం పుస్తకంలో, డబ్బు డీలర్ దగ్గర: వర్కింగ్ క్యాపిటల్ సైకిల్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

కంపెనీల వార్షిక నివేదికలు కొత్తగా చదవడం మొదలుపెట్టిన స్నేహితులు, పురుగుమందుల షాపులు నడుపుతున్న బంధువులు నన్ను మళ్లీ మళ్లీ అడిగే సందేహాలివి. ఎవరికి ఏది కావాలో అది చదువుకోవచ్చు, వరుసగా చదవక్కర్లేదు. ఉదాహరణలు ఎక్కువగా పురుగుమందుల వ్యాపారం నుంచే తీసుకున్నాను. నేను చాలా ఏళ్లు లెక్కలు చూసింది అక్కడే. పైగా డబ్బు ఎక్కడ ఆగుతుందో ఆ వ్యాపారంలో కనిపించినంత స్పష్టంగా మరోచోట కనిపించదు. కంపెనీల అంకెలు మాత్రం లెక్క కోసం నేను వేసుకున్నవే, ఏ కంపెనీవీ కావు.

## మొదట్లో వచ్చే సందేహాలు

కంపెనీకి లాభం వచ్చిందంటారు, మరి ఆ డబ్బేది?

చాలాసార్లు ఆ డబ్బు ఇంకా కంపెనీకి చేరి ఉండదు. జూలైలో కంపెనీ ఒక డీలర్‌కి 10 లక్షల మందులు పంపి బిల్లు వేసిందనుకోండి. పుస్తకాల్లో అమ్మకం ఆ రోజే నమోదవుతుంది, లాభం కూడా ఆ నెల ఖాతాలోనే పడుతుంది. డీలర్ ఆ మందుల్ని పత్తి రైతులకు ఉద్దెర మీద ఇస్తాడు. రైతు పత్తి తీసి అమ్మాక, అంటే నవంబర్ నుంచి జనవరి మధ్యలో, డీలర్‌కి కడతాడు. డీలర్ ఆ తర్వాత కంపెనీకి పంపుతాడు. ఈ ఆరు నెలలూ కంపెనీ లాభం కాగితం మీదే ఉంటుంది. జీతాలు, కరెంటు బిల్లు, ముడిసరుకు వాళ్ల చెల్లింపులు మాత్రం ఆరు నెలలు ఆగవు కదా. ఆ మధ్యకాలాన్ని ఎవరి డబ్బుతో నెట్టుకొస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

వర్కింగ్ క్యాపిటల్ సైకిల్ అంటే ఏంటి?

వ్యాపారులు దీన్నే రొటేషన్ అంటారు. సరుకు కోసం చేతి నుంచి వెళ్లిన రూపాయి, అమ్మి వసూలు చేసుకున్నాక మళ్లీ చేతికి రావడానికి పట్టే రోజులన్నమాట. సరుకు గోడౌన్‌లో ఉన్న రోజులు ఇన్వెంటరీ డేస్. అమ్మాక వసూలుకు పట్టిన రోజులు రిసీవబుల్ డేస్. ఈ రెండూ కలిపి, అందులోంచి మనకు సరుకిచ్చినవాళ్లు మనకిచ్చిన గడువును, అంటే పేయబుల్ డేస్‌ను తీసేయాలి. మిగిలినన్ని రోజులు మన సొంత డబ్బో, బ్యాంకు డబ్బో ఆ వ్యాపారంలో ఇరుక్కుని ఉంటుంది.

## లెక్క కట్టేటప్పుడు

ఇన్వెంటరీ డేస్‌ను అమ్మకాలతో లెక్కేయాలా, సరుకు ఖర్చుతోనా?

సరుకు ఖర్చుతోనే. గోడౌన్‌లో ఉన్న సరుకు విలువ సాధారణంగా కొన్న ధరకో, తయారీ ఖర్చుకో ఉంటుంది. దాన్ని లాభం కలిపిన అమ్మకపు అంకెతో భాగిస్తే రోజులు తక్కువగా కనిపిస్తాయి. నిల్వ 46 కోట్లు, సరుకు ఖర్చు 168 కోట్లు అయితే 46ని 168తో భాగించి 365తో గుణించాలి. 100 రోజులు వస్తుంది. అదే 240 కోట్ల అమ్మకాలతో భాగిస్తే 70 రోజులే వస్తుంది. కంపెనీ మారలేదు, భాగించిన అంకె మారిందంతే.

మన దేశంలో కంపెనీల లాభనష్టాల ఖాతాలో 'సరుకు ఖర్చు' అని ఒకే వరుస ఉండదు. మూడు వరుసలు మీరే కలుపుకోవాలి: వాడిన ముడిసరుకు, తిరిగి అమ్మడానికి కొన్న సరుకు, నిల్వల్లో వచ్చిన మార్పు. మూడోది బ్రాకెట్‌లో ఉంటే తీసేయాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఫ్యాక్టరీ కూలి, కరెంటు వంటివి ఈ మూడింట్లో ఉండవు కాబట్టి తయారీ కంపెనీల్లో రోజులు కాస్త ఎక్కువగా వస్తాయి. ప్రతి ఏడాదీ ఒకే పద్ధతిలో లెక్కేస్తే పోలికకు ఇబ్బంది లేదు.

నేను లెక్కేసిన రిసీవబుల్ డేస్ ఒకటి, వెబ్‌సైట్‌లో చూపించేది ఇంకొకటి. ఏది కరెక్ట్?

రెండూ కరెక్టే అయి ఉండొచ్చు. కొందరు సంవత్సరం చివరి బాకీని తీసుకుంటారు, కొందరు మొదటి, చివరి అంకెల సగటు తీసుకుంటారు. వేగంగా పెరుగుతున్న కంపెనీలో ఈ రెండింటికీ చాలా తేడా వస్తుంది.

రెండో తేడా జీఎస్టీది. దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. డీలర్ నుంచి రావాల్సిన బాకీలో పన్ను కలిసి ఉంటుంది, ఖాతాలో చూపించే అమ్మకాల్లో ఉండదు. రసాయన పురుగుమందుల మీద జీఎస్టీ 18 శాతం. బాకీ 79 కోట్లు, అమ్మకాలు 240 కోట్లు ఉంటే మామూలు లెక్కలో 120 రోజులు వస్తాయి. అమ్మకాలకు పన్ను కలిపి 283 కోట్లతో భాగిస్తే 102 రోజులే. పన్ను రేటు వేరుగా ఉన్న రెండు వ్యాపారాలను పోల్చేటప్పుడు ఈ సవరణ చేయాలి. ఒకే కంపెనీని ఏడాదికేడాది చూస్తున్నప్పుడు అక్కర్లేదు.

మార్చి 31 అంకెలు చూస్తే సరిపోదా?

సీజన్ వ్యాపారాల్లో సరిపోదు. పురుగుమందుల కంపెనీకి మార్చి 31 అంటే వరద తగ్గాక నది ఫోటో తీసినట్టు. ఖరీఫ్ వసూళ్లు చాలావరకు వచ్చేసి ఉంటాయి, డీలర్లు కొత్త సీజన్ స్కీముల కోసం పాత బాకీలు సర్దుకుని ఉంటారు. అదే కంపెనీ సెప్టెంబర్ 30న ఎలా ఉంటుందో చూడండి. మూడు నెలల అమ్మకాలూ డీలర్ల దగ్గర బాకీగా ఉంటాయి. బ్యాంకు లిమిట్ అంచుదాకా వాడేసి ఉంటారు.

లిస్టెడ్ కంపెనీలు అర్ధసంవత్సర ఫలితాలతో పాటు ఆస్తి అప్పుల పట్టిక కూడా ఇవ్వాలి. కాబట్టి సెప్టెంబర్ అంకెలు దొరుకుతాయి. పోలిక మాత్రం సెప్టెంబర్‌ను సెప్టెంబర్‌తో, మార్చిని మార్చితో చేయాలి. సెప్టెంబర్ బాకీని చూసి మార్చితో పోల్చి 'అమ్మో, రెట్టింపైంది' అని టెన్షన్ పడ్డవాళ్లను చూశాను. నాకు అనుమానం వచ్చేది తిరగబడినప్పుడు. మార్చి అంకె ప్రతి ఏడాదీ చక్కగా ఉండి, సెప్టెంబర్ అంకె మాత్రం అమ్మకాల కంటే వేగంగా పెరుగుతూ పోతుంటే, సంవత్సరం చివర్లో వసూళ్లను బలవంతంగా లాగుతున్నారేమో చూడాలి. మార్చిలో భారీ క్యాష్ డిస్కౌంట్ ఇచ్చారా, ఏప్రిల్‌లోనే బాకీలు మళ్లీ లేచాయా అన్నది అప్పుడు అడగాల్సిన ప్రశ్న.

## అంకెలు చదివేటప్పుడు

అమ్మకాలు 25 శాతం పెరిగాయి, లాభమూ పెరిగింది. అప్పు ఎందుకు పెరిగింది?

ఒక లెక్క పూర్తిగా వేసి చూద్దాం. అంకెలన్నీ కోట్లలో. సరుకు ఖర్చులో ఇక్కడ ఫ్యాక్టరీ కూలి, కరెంటు కూడా కలిపాను.

| | మొదటి ఏడాది | రెండో ఏడాది |
|---|---|---|
| అమ్మకాలు | 240 | 300 |
| సరుకు ఖర్చు | 168 | 207 |
| కొనుగోళ్లు | 150 | 195 |
| నిల్వ సరుకు | 46 | 69 |
| డీలర్ల నుంచి రావాల్సింది | 79 | 128 |
| సరఫరాదారులకు ఇవ్వాల్సింది | 37 | 48 |
| నికర లాభం | 19 | 25 |

మొదటి ఏడాది సరుకు 100 రోజులు గోడౌన్‌లో ఉంది, వసూలుకు 120 రోజులు పట్టింది, ఇవ్వాల్సిన 37ను కొనుగోళ్లు 150తో భాగించి 365తో గుణిస్తే సరఫరాదారులు 90 రోజుల గడువిచ్చారు. సైకిల్ 130 రోజులు. రెండో ఏడాది నిల్వ 122 రోజులకు, వసూలు 156 రోజులకు పెరిగింది. సరఫరాదారుల గడువు అదే 90. సైకిల్ 188 రోజులైంది.

ఇప్పుడు రూపాయల్లో చూడండి. మొదటి ఏడాది ఇరుక్కున్న డబ్బు 46కి 79 కలిపి 37 తీసేస్తే 88 కోట్లు. రెండో ఏడాది 149 కోట్లు. అంటే ఒక్క ఏడాదిలో ఇంకో 61 కోట్లు వ్యాపారంలోకి దిగిపోయాయి. లాభం 25, చేతి నుంచి డబ్బు పోని ఖర్చైన తరుగుదల ఓ 6 కోట్లు అనుకుంటే, వ్యాపారం నుంచి రావాల్సింది 31 కోట్లు. కావాల్సింది 61. మిగతా 30 కోట్లు బ్యాంకు నుంచి తెచ్చారు.

యాజమాన్యం ఇక్కడ 'పెరుగుతున్న కంపెనీకి వర్కింగ్ క్యాపిటల్ కావాలి కదండీ' అంటుంది. సగం నిజమే. రోజులేవీ మారకుండా వ్యాపారం 25 శాతం పెరిగితే, ఇరుక్కునే డబ్బు కూడా దాదాపు 25 శాతం పెరగాలి. 88 కాస్తా 110 అవుతుంది. అంటే ఎదుగుదలకు నిజంగా కావాల్సింది 22 కోట్లు. మిగతా 39 కోట్లు ఎదుగుదల వల్ల పోయినవి కావు. డీలర్లకు గడువు సాగదీయడం వల్ల, సరుకు ఎక్కువ పేర్చుకోవడం వల్ల పోయినవి. రోజులే పెరగకపోతే 31 కోట్ల రాబడిలోంచే ఆ 22 కోట్లు సర్దుకుని, ఇంకా 9 కోట్లు చేతిలో మిగిలేవి.

నాకైతే ఆ అదనపు 60 కోట్ల అమ్మకం మీదే అనుమానం. అది మందు బాగుండి అమ్ముడైందా, లేక గడువు ఎక్కువిచ్చారని డీలర్ దించుకున్నాడా?

సరుకు నిల్వ పెరిగితే తప్పేముంది? ఎప్పటికైనా అమ్ముడవుతుందిగా?

అన్ని సరుకులూ ఎప్పటికైనా అమ్ముడుపోవు. పురుగుమందు డబ్బా మీద ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది, ఎక్కువ మందులకు అది రెండేళ్లు. ఈ ఖరీఫ్‌లో పురుగు రాక అమ్ముడవని మందుకు వచ్చే ఖరీఫ్ ఒక్కటే మిగులుతుంది. ఆ తర్వాత డీలర్ ముట్టుకోడు.

రెండో ప్రమాదం ధర. 2023లో చైనా నుంచి వచ్చే టెక్నికల్స్ ధరలు బాగా పడిపోయాయి. టెక్నికల్ అంటే మందులోని అసలు రసాయనం. ముందు ఎక్కువ ధరకు కొని పేర్చుకున్న కంపెనీలు, అమ్మకముందే ఆ నిల్వల మీద నష్టం రాసుకోవాల్సి వచ్చింది. కొన్న ధర, ఇప్పుడు అమ్మితే వచ్చే ధర, ఈ రెండింట్లో తక్కువదానికే నిల్వను చూపించాలన్నది అకౌంటింగ్ నియమం మరి.

అందుకే నిల్వ ఎంత అన్నది చూసి ఆగిపోకుండా, నోట్సులో అది దేని రూపంలో ఉందో చూడండి. సీజన్‌కు ముందు ముడిసరుకు పెరిగితే ముందుచూపు అనుకోవచ్చు. సీజన్ అయ్యాక తయారైన సరుకు పెరిగితే, అమ్ముతామనుకున్నది అమ్ముడుపోలేదని అర్థం.

ఎన్ని రోజులుంటే మంచిదని చెప్పొచ్చు?

అన్ని వ్యాపారాలకూ సరిపోయే అంకె లేదు. సూపర్ మార్కెట్‌లో కస్టమర్ కౌంటర్ దగ్గరే కట్టేస్తాడు కాబట్టి రిసీవబుల్ డేస్ దాదాపు సున్నా. ప్రభుత్వ కాంట్రాక్టర్‌కి బిల్లు పాసయ్యేదాకా నెలలు పడుతుంది. ఒక కంపెనీని అదే వ్యాపారంలో ఉన్న మరో రెండు మూడు కంపెనీలతో, దాని గత ఐదేళ్లతో పోల్చండి. అంతకు మించిన కొలబద్ద నాకు కనిపించలేదు.

పేయబుల్ డేస్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదే కదా?

మన డబ్బు పెట్టకుండా పక్కవాడి డబ్బుతో నడుస్తున్నట్టు కాబట్టి ఒకరకంగా మంచిదే. కానీ ఎవరికి ఆపుతున్నారన్నది ముఖ్యం. పెద్ద రసాయన కంపెనీ మాట్లాడుకుని 90 రోజుల గడువిస్తే అది బేరం. డబ్బాలు, అట్టపెట్టెలు చేసిచ్చే చిన్న యూనిట్‌కి డబ్బు ఆపితే అది వేరే కథ.

సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొన్నప్పుడు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం చెబుతోంది. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయ పన్ను సవరణ ప్రకారం, ఆ గడువు దాటాక కట్టిన డబ్బును కట్టిన ఏడాదే ఖర్చుగా చూపించుకోవాలి. బిల్లు వచ్చిన ఏడాది మార్చి 31 నాటికి కట్టకుండా, గడువు కూడా దాటించేస్తే, ఆ మేరకు పన్ను ముందే పడుతుంది. సరఫరాదారు ఎవరైనా సరే, 180 రోజుల్లో కట్టకపోతే వాడుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను వెనక్కి కట్టాలి.

కాబట్టి పేయబుల్ డేస్ 90 నుంచి 150కి ఎగబాకితే నేను మెచ్చుకోను. సరఫరాదారులు గడువిచ్చారా, లేక కట్టడానికి డబ్బు లేదా అని చూస్తాను. అదే సమయంలో వసూలు రోజులు కూడా పెరిగి, చేతిలో నగదు తగ్గి ఉంటే రెండోదే నిజం.

సైకిల్ మైనస్‌లో ఉంటే ఏమనుకోవాలి?

సరుకు కోసం కట్టకముందే కస్టమర్ డబ్బు చేతికొస్తోందని. సబ్బులు, టూత్‌పేస్టులు అమ్మే పెద్ద కంపెనీల్లో ఇది మామూలు. సీజన్‌కు ముందే డీలర్ల నుంచి అడ్వాన్సులు తీసుకునే పత్తి విత్తన కంపెనీల్లోనూ కొన్ని నెలలు కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: ఇలాంటి వ్యాపారంలో అమ్మకాలు తగ్గడం మొదలైతే, అదే చక్రం వెనక్కి తిరిగి చేతిలోని డబ్బును లాగేస్తుంది.

## అనుమానం వచ్చినప్పుడు

సరుకు నిజంగా అమ్ముడైందా, డీలర్ గోడౌన్‌లోకి తోసేశారా? బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఓసారి సీజన్ అయిపోయాక బాకీ మాట్లాడటానికి సేల్స్ వాళ్లతో కలిసి ఒక డీలర్ దగ్గరికి వెళ్లాను. పుస్తకాల్లో అతను మా మంచి కస్టమర్లలో ఒకడు. ముందు గదిలో టీ ఇచ్చి, ఏం మాట్లాడకుండా వెనక గోడౌన్ తలుపు తీశాడు. మా కంపెనీ పెట్టెలు సీలు కూడా విప్పకుండా నడుమెత్తు దాకా ఉన్నాయి. కింది వరుస మీద పొగాకు రంగు దుమ్ము. లేబుల్ చూస్తే మార్చి నెల బ్యాచ్. 'టార్గెట్ పూర్తి చేయాలన్నారు, దించుకున్నాను. మీరే తీసుకుపోండి' అన్నాడు. మా ఖాతాలో అది పోయిన ఏడాది అమ్మకం. అతని లెక్కలో మా సరుకును ఉంచడానికి చోటిచ్చాడంతే.

ఇన్వెస్టర్ ప్రతి గోడౌన్ తలుపూ తీయలేడు. నివేదికలో మూడుచోట్ల దీని వాసన తగులుతుంది. జనవరి నుంచి మార్చి త్రైమాసికంలో పొలాల్లో అవసరం అంతగా లేకపోయినా అమ్మకాలు ఎక్కువగా ఉండటం ఒకటి. తర్వాతి త్రైమాసికాల్లో సేల్స్ రిటర్న్స్ పెరగడం రెండోది. మూడోది బాకీల వయసు పట్టిక. 2021-22 నుంచి కంపెనీలు దీన్ని తప్పనిసరిగా ఇవ్వాలి: ఆరు నెలల్లోపు, ఆరు నెలల నుంచి ఏడాది, ఒకటి నుంచి రెండేళ్లు, రెండు నుంచి మూడేళ్లు, మూడేళ్ల పైన. ఇందులో ఆరు నెలలు దాటిన గళ్లు ఎలా కదులుతున్నాయో చూడండి. పోయిన ఏడాది 'ఆరు నెలల నుంచి ఏడాది' గడిలో ఉన్న డబ్బు ఈసారి పక్క గడిలోకి జరిగి, అది రాకపోవచ్చని చేసిన కేటాయింపు మాత్రం పెరగకపోతే, నష్టాన్ని ఇంకా ఒప్పుకోలేదన్నమాట.

రిసీవబుల్ డేస్ తగ్గితే మంచి వార్తే కదా?

ఎలా తగ్గాయన్నదాన్ని బట్టి ఉంటుంది. డీలర్లు త్వరగా కడుతుంటే మంచిదే. కంపెనీ తన బిల్లుల్ని బ్యాంకుకో ఫైనాన్స్ సంస్థకో డిస్కౌంట్ మీద అమ్మేసినా బాకీలు తగ్గుతాయి. రైతు దగ్గర్నుంచి డీలర్‌కి డబ్బు రావడంలో మాత్రం ఒక్క రోజు కూడా తగ్గదు.

నోట్సులో రెండు విషయాలు వెతకండి. డీలర్ కట్టకపోతే కంపెనీయే కట్టాలన్న షరతు ఉందా? ఉంటే అది అమ్మకం కాదు, బాకీల మీద తీసుకున్న అప్పు. దాన్ని అప్పుగా చూపించారా, ఏదైనా జరిగితేనే మీద పడే కంటింజెంట్ బాధ్యతల్లో ఓ వరుసగా వదిలేశారా? పాత పద్ధతిలో లెక్కలు రాసే కంపెనీల్లో రెండోది ఎక్కువ. అప్పుడు ఆ మొత్తాన్ని మీరే మళ్లీ బాకీలకు కలిపి రోజులు లెక్కేసుకోవాలి. అప్పు పెరగకుండా ఫైనాన్స్ ఖర్చు మాత్రం పెరుగుతుంటే డిస్కౌంట్ బిల్లుల్ని అనుమానించవచ్చు.

మాది చిన్న డీలర్ షాపు. సీసీ లిమిట్ 30 లక్షలుంది, బ్యాంకు మాత్రం 22 లక్షలే వాడుకోమంటోంది. ఎందుకు?

సీసీ అంటే క్యాష్ క్రెడిట్, సరుకు, బాకీల మీద బ్యాంకు ఇచ్చే అప్పు. లిమిట్ అంటే దానికి పైకప్పు. నెలనెలా మీరిచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌ను బట్టి ఎంత వాడుకోవచ్చో బ్యాంకు లెక్కేస్తుంది. దాన్ని డ్రాయింగ్ పవర్ అంటారు. మీ షాపులో 36 లక్షల సరుకుంది, కంపెనీలకు 16 లక్షలు ఇవ్వాలనుకోండి. మీరు డబ్బు కట్టిన సరుకు 20 లక్షలదే. అందులో 25 శాతం మార్జిన్, అంటే మీరు పెట్టుకోవాల్సిన వాటా తీసేస్తే 15 లక్షలు. రైతుల నుంచి రావాల్సింది 30 లక్షలైతే, అందులో 90 రోజులు దాటిన 18 లక్షలను బ్యాంకు లెక్కలోకే తీసుకోదు. మిగిలిన 12 లక్షల మీద 40 శాతం మార్జిన్ తీసేస్తే 7 లక్షల 20 వేలు. మొత్తం 22 లక్షల 20 వేలు. మార్జిన్లు, రోజుల పరిమితి బ్యాంకును బట్టి, మీ మంజూరు పత్రాన్ని బట్టి మారతాయి, లెక్క కట్టే తీరు మాత్రం ఇదే.

ఇబ్బంది ఎక్కడంటే, జూలైలో ఇచ్చిన ఉద్దెర అక్టోబర్‌కే 90 రోజులు దాటేస్తుంది, పత్తి డబ్బు ఆ తర్వాత గానీ రాదు. రైతు ఎగ్గొట్టకపోయినా, బ్యాంకు దృష్టిలో ఆ బాకీకి విలువ లేదు. మంజూరు, రెన్యువల్ సమయంలో పంట కాలాన్ని చూపించి బాకీల పరిమితిని 120 లేదా 180 రోజులకు పెంచమని రాతపూర్వకంగా అడగండి. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే, జూలైలో ఉద్దెర రాసే ప్రతిసారీ అక్టోబర్, నవంబర్లలో ఆ డబ్బు మీ జేబులోంచే ఉండాలని లెక్కేసుకుని రాయండి. పాత తేదీల బాకీలకు కొత్త బిల్లులు రాసి స్టేట్‌మెంట్‌లో చూపించమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. స్టాక్ ఆడిట్‌కి వచ్చినవాళ్లు మొదట అడిగేది ఆ బిల్లుల మీది బ్యాచ్ నంబర్లే.